రెండు సూత్రాల్లోనూ ఒకే తప్పు జవాబు ఎందుకొస్తోంది?

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాను. కెమిస్ట్రీలో ఒక లెక్క ఇచ్చారు. పిస్టన్ ఉన్న సిలిండర్‌లో 1 మోల్ హీలియం ఉంది. బయటి పీడనం 1 బార్, అది మారదు. 2079 జౌల్స్ వేడి ఇస్తే ఉష్ణోగ్రత 300 కెల్విన్ నుంచి 400 కెల్విన్‌కి, ఘనపరిమాణం 24.94 లీటర్ల నుంచి 33.26 లీటర్లకి పెరిగింది. ΔU ఎంత అని ప్రశ్న. కెమిస్ట్రీ సూత్రంతో చేస్తే నాకు 2911 జౌల్స్ వచ్చింది. అనుమానంతో ఫిజిక్స్ సూత్రంతో చేశాను, మళ్లీ 2911 వచ్చింది. కీలో మాత్రం 1247 అని ఉంది. రెండు పద్ధతుల్లో ఒకే జవాబు వచ్చింది కాబట్టి కీ తప్పే అంటున్నారు మా ఫ్రెండ్స్. నిజమేనా? వర్క్ ముందు ప్లస్ పెట్టాలో మైనస్ పెట్టాలో తెలియక ఈ చాప్టర్ అంటేనే టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, తణుకు

జవాబు: కీ సరిగ్గానే ఉందమ్మా. ΔU 1247 జౌల్సే. పని ఎంత జరిగిందన్న లెక్క కూడా నువ్వు సరిగ్గానే చేసి ఉంటావు. ఘనపరిమాణంలో తేడా 8.32 లీటర్లు, పీడనం 1 బార్, రెండూ గుణిస్తే 8.32 లీటర్-బార్. ఒక లీటర్-బార్ అంటే 100 జౌల్స్ కాబట్టి 832 జౌల్స్. పొరపాటంతా ఆ 832 ముందు పెట్టిన గుర్తులో ఉంది.

ముందు నీ రెండు పద్ధతుల సంగతి చూద్దాం, ఎందుకంటే నీ ఫ్రెండ్స్‌ని నమ్మించింది అదే. కెమిస్ట్రీ సూత్రం ΔU = q + w. ఇందులో నువ్వు w దగ్గర +832 వేశావు. వాయువు వ్యాకోచిస్తే పని ధనాత్మకం అని ఫిజిక్స్ క్లాసులో విన్నావు కదా, అది ఇక్కడికి వచ్చేసింది. 2079 + 832 = 2911. తర్వాత ఫిజిక్స్ సూత్రం తీశావు, ΔU = Q − W. ఈసారి W దగ్గర −832 వేశావు. కెమిస్ట్రీలో w = −pΔV అని రాసిన చెయ్యి ఇక్కడా మైనస్ పెట్టేసింది. 2079 − (−832), మైనస్ మైనస్ కలిసి ప్లస్ అయింది, మళ్లీ 2911. సూత్రం ఒక సబ్జెక్టు నుంచి, విలువ ఇంకో సబ్జెక్టు నుంచి తీసుకున్నావు. రెండోసారి ఆ రెండూ తారుమారయ్యాయి, అంతే తేడా. అందుకే రెండు జవాబులు కలిశాయి. ఒకే పొరపాటు రెండు దారుల్లో జరిగింది కాబట్టి అవి కలవడం దేన్నీ రుజువు చెయ్యదు.

ఇప్పుడు సూత్రాలు రెండూ కాసేపు పక్కన పెట్టు. సిలిండర్‌లో నిజంగా ఏం జరిగిందో చూడు. మన వ్యవస్థ హీలియం. సిలిండర్, పిస్టన్, బయటి గాలి, వేడి ఇచ్చిన స్టవ్వు అన్నీ పరిసరాలే. హీలియంలోకి 2079 జౌల్స్ వేడి వచ్చింది. హీలియం వ్యాకోచిస్తూ, బయటి గాలి ఒత్తిడికి ఎదురుగా పిస్టన్‌ని తోసింది. తోయడానికి శక్తి కావాలి, ఆ శక్తి హీలియం ఇవ్వాల్సిందే, ఇంకెవరూ ఇవ్వరు. అలా 832 జౌల్స్ బయటికి పోయింది. వచ్చింది 2079, పోయింది 832, మిగిలింది 1247. ఇంట్లో జమాఖర్చులు రాసే వాళ్లెవరైనా దీన్ని ఇలాగే రాస్తారు. ఖర్చుని జమలో కలిపితే 2911 వస్తుంది.

తోస్తే శక్తి ఎందుకు పోతుందో అణువుల దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకా గట్టిగా మనసుకి పడుతుంది. 300 కెల్విన్ దగ్గర హీలియం అణువు సగటు వేగం సెకనుకి దాదాపు 1260 మీటర్లు. అలాంటి అణువు ఒకటి నేరుగా పిస్టన్‌ని కొట్టిందనుకో. పిస్టన్ కదలకుండా ఉంటే అంతే వేగంతో వెనక్కి వస్తుంది. పిస్టన్ సెకనుకి 1 మీటరు వేగంతో బయటికి జరుగుతూ ఉంటే, అణువు 1258తో వెనక్కి వస్తుంది. పిస్టన్ అదే వేగంతో లోపలికి వస్తూ ఉంటే 1262తో వస్తుంది. ఒక్క ఢీలో తేడా చిన్నదే, కానీ కోట్ల కోట్ల అణువులు సెకను సెకనుకీ కొడుతూనే ఉంటాయి. పిస్టన్ బయటికి జరిగితే అణువులు నెమ్మదిస్తాయి, లోపలికి వస్తే జోరందుకుంటాయి. వ్యాకోచంలో పని వల్ల అంతర్గత శక్తి తగ్గడం, సంకోచంలో పెరగడం అంటే ఇదే. ఇది ఏ పుస్తకంలో ఏ గుర్తు పెట్టారన్న దానిమీద ఆధారపడేది కాదు. సైకిల్ పంపు గబగబా కొట్టి, ట్యూబు తగిలించే వైపు పట్టుకుంటే వేడిగా తగులుతుంది. అక్కడ జరిగింది కూడా ఇదే, లోపలికొచ్చే పిస్టన్ గాలికి శక్తి ఇచ్చింది.

మరి రెండు సూత్రాలు ఎందుకున్నాయి? క్లాసియస్ 1850లో మొదటి నియమాన్ని సమీకరణంగా రాసినప్పుడు అందరి దృష్టీ ఆవిరి యంత్రం మీదే ఉంది. యంత్రానికి వేడి ఇస్తాం, దాని నుంచి పని తీసుకుంటాం. కాబట్టి ఇచ్చిన వేడికీ ప్లస్, తీసుకున్న పనికీ ప్లస్. ఫిజిక్స్ పుస్తకాల్లో ఈ రోజుకీ ఎక్కువగా కనిపించేది ఇదే, ΔQ = ΔU + ΔW. ఇక్కడ W అంటే వాయువు చేసిన పని. కెమిస్ట్రీ వాళ్లకి యంత్రంతో పని లేదు, ఫ్లాస్కులో ఉన్న పదార్థంతో పని. వాళ్లు వ్యవస్థలోకి ఏది వచ్చినా ప్లస్, బయటికి ఏది పోయినా మైనస్ అని పెట్టుకున్నారు. ఐయూపీఏసీ సిఫార్సు చేసింది కూడా ఇదే, ΔU = q + w. ఇక్కడ w అంటే వాయువు మీద జరిగిన పని. నీ చేతిలో ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో ఫిజిక్స్ మొదటిది వాడుతుంది, కెమిస్ట్రీ రెండోది వాడుతుంది. ఏదీ తప్పు కాదు. ఒకే అక్షరంతో రెండు వేర్వేరు వస్తువుల్ని పిలుస్తున్నారు, ఒకటి ఇంకోదానికి సరిగ్గా వ్యతిరేకం. నిజం చెప్పాలంటే, పదహారేళ్ల పిల్లలకి రెండూ ఒకే సంవత్సరంలో చెప్పి, తేడా మాత్రం ఒక్క లైనులో దాటేయడం నాకు అస్సలు నచ్చదు. నీలాంటి ఉత్తరాలు రావడానికి సగం కారణం అదే.

నీ లెక్కని సరిగ్గా రాస్తే రెండు వైపులా ఇలా ఉంటుంది.

```
కెమిస్ట్రీ:  w = −pΔV = −832 J
          ΔU = q + w = 2079 + (−832) = 1247 J

ఫిజిక్స్:   W = pΔV = +832 J
          ΔU = Q − W = 2079 − 832 = 1247 J
```

ΔU మాత్రం రెండు చోట్లా ఒకటే. అది హీలియం సొంత ఆస్తి, మనం పెట్టుకున్న గుర్తుల్ని బట్టి మారదు.

ఇక నీ అసలు అవసరం, వచ్చిన జవాబు తప్పని నీకు నువ్వే ఎలా పట్టుకోవాలి అన్నది. ఇంకో సూత్రంతో చేస్తే చాలదని చూశావు. పని అన్నది అసలు లేని దారి ఒకటి కావాలి, అప్పుడు గుర్తు తప్పే అవకాశమే ఉండదు. ఆదర్శ వాయువుకి అలాంటి దారి ఎప్పుడూ ఉంటుంది. దాని అంతర్గత శక్తి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది, ఘనపరిమాణం ఎంతన్నది పట్టదు. అంటే అదే హీలియంని పిస్టన్ బిగించేసి, ఘనపరిమాణం మారకుండా 300 నుంచి 400 కెల్విన్‌కి వేడి చేసినా ΔU అంతే రావాలి. పిస్టన్ కదల్లేదు కాబట్టి పని సున్నా, ఇచ్చిన వేడంతా అంతర్గత శక్తిలోకే పోతుంది. హీలియం ఏకపరమాణుక వాయువు, స్థిర ఘనపరిమాణం దగ్గర దాని మోలార్ ఉష్ణధారణ 3R/2, అంటే 12.47 జౌల్స్. 100 కెల్విన్ పెరిగితే 1247 జౌల్స్. ఎక్కడా ప్లస్, మైనస్ గొడవ రాలేదు, కీలో ఉన్న అంకె వచ్చేసింది.

నీ 2911ని కూడా ఇదే తూకం మీద పెట్టి చూడు. హీలియం అంతర్గత శక్తి నిజంగా 2911 జౌల్స్ పెరిగితే దాని ఉష్ణోగ్రత 2911ని 12.47తో భాగించినంత, అంటే సుమారు 233 కెల్విన్ పెరగాలి. 300 నుంచి 533 కావాలి. కానీ లెక్కలో 400 అని ఇచ్చారు. నీ జవాబు ప్రశ్నలో ఇచ్చిన థర్మామీటర్ రీడింగ్‌తోనే గొడవ పడుతోంది. ఇలాంటి లెక్కల్లో ఉష్ణోగ్రతలు ఇచ్చారంటే, వాటిని వదిలేసి q, w మాత్రమే కలిపి లేచిపోకు. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష చేసుకో.

ఇప్పుడు ఇదే హీలియంని వెనక్కి తీసుకొద్దాం, ఎందుకంటే వ్యాకోచంలో సరిగ్గా చేసేవాళ్లు కూడా సంకోచంలో జారిపోతారు. పీడనం 1 బార్ దగ్గరే ఉంచి 400 నుంచి 300 కెల్విన్‌కి చల్లార్చాం. హీలియం 2079 జౌల్స్ వేడి బయటికి ఇచ్చింది, కాబట్టి q = −2079. బయటి గాలి పిస్టన్‌ని లోపలికి నెట్టింది, వాయువు మీద పని జరిగింది. ΔV అంటే చివరి ఘనపరిమాణంలోంచి మొదటిది తీసెయ్యాలి: 24.94 − 33.26 = −8.32 లీటర్లు. w = −pΔV లో ఇది వేస్తే మైనస్ మైనస్ కలిసి +832 వస్తుంది. ΔU = −2079 + 832 = −1247. వెళ్లేటప్పుడు ఎంత పెరిగిందో వచ్చేటప్పుడు అంతే తగ్గింది.

ఇక్కడ పేపర్లు దిద్దేటప్పుడు నాకు తరచూ కనిపించే తప్పు ఏమిటంటే, తేడా అనగానే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి ΔV = 8.32 అని రాస్తారు. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు అది. అప్పుడు w = −832, ΔU = −2911. వాయువుని నొక్కితే కూడా అది శక్తి పోగొట్టుకుందని రాసినట్టు అయింది. దీన్ని కూడా ఉష్ణోగ్రత పట్టేస్తుంది: 2911 జౌల్స్ తగ్గితే 400 నుంచి 167 కెల్విన్‌కి దిగిపోవాలి, ఇచ్చింది 300.

ఒక జాగ్రత్త. వెళ్లి వచ్చాక మొత్తం ΔU సున్నా కావాలి కాబట్టి, సున్నా వస్తే లెక్క సరైనదే అని కొందరు సర్ది చెప్పుకుంటారు. ఈ సందర్భంలో ఆ పరీక్ష గుడ్డిది. వెళ్లేటప్పుడు +2911, వచ్చేటప్పుడు −2911 వేసినా మొత్తం సున్నానే. వెళ్లిన దారినే తిరిగి వస్తే గుర్తు తప్పు రెండు వైపులా ఒకేలా పడి రద్దయిపోతుంది. వేరే దారిలో, అంటే ఇందాకటిలా పిస్టన్ బిగించిన దారిలో వెళ్లి చూస్తేనే తప్పు బయటపడుతుంది.

అయితే ఉష్ణోగ్రత పరీక్ష ఆదర్శ వాయువుకే పనికొస్తుందని గుర్తుంచుకో. నీళ్లు మరగడం తీసుకుందాం. 1 గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర, 1 అట్మాస్ఫియర్ పీడనంలో పూర్తిగా ఆవిరి కావాలంటే సుమారు 2256 జౌల్స్ వేడి కావాలి. 1 ఘన సెంటీమీటరు నీరు 1671 ఘన సెంటీమీటర్ల ఆవిరి అవుతుంది. అంత చోటు చేసుకోవడానికి చుట్టూ ఉన్న గాలిని వెనక్కి నెట్టాలి. ఆ పని 101325 పాస్కల్స్‌ని 0.00167 ఘన మీటర్లతో గుణించినంత, దాదాపు 169 జౌల్స్. కాబట్టి ΔU = 2256 − 169 = 2087 జౌల్స్. ఉష్ణోగ్రత మొదట్లోనూ చివర్లోనూ 100 డిగ్రీలే, అయినా ΔU సున్నా కాదు. నీటి అణువుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికి ఆ శక్తి ఖర్చయింది. ఉష్ణోగ్రత మారలేదు కాబట్టి ΔU సున్నా అని ఇక్కడ రాస్తే అది వేరే తప్పు.

మరి ఇక్కడ గుర్తు తప్పిందో లేదో ఎలా తెలుస్తుంది? గుర్తు తప్పితే 2256 + 169 = 2425 వస్తుంది. మనం ఇచ్చిందే 2256 అయితే, దాంట్లో కొంత గాలిని నెట్టడానికి పోయాక లోపల 2425 ఎక్కడి నుంచి మిగులుతుంది? వేడి తీసుకుంటూ, బయటి పీడనాన్ని నెట్టుకుంటూ వ్యాకోచించే ఏ పదార్థానికైనా ΔU ఇచ్చిన వేడికన్నా తక్కువ ఉండి తీరాలి. నీ హీలియం లెక్కలో కూడా 2079 ఇస్తే 2911 వచ్చిందనగానే ఇదే అనుమానం రావాలి. ఉష్ణోగ్రతలు ఇవ్వని లెక్కల్లో నీకున్న ఆధారం ఇదే. నొక్కేటప్పుడు మాత్రం ఈ మాట వర్తించదు. అప్పుడు పని రూపంలో శక్తి లోపలికి వస్తుంది కాబట్టి, వేడి కూడా ఇస్తే ΔU ఇచ్చిన వేడికన్నా ఎక్కువే అవుతుంది. అందుకని ముందు పిస్టన్ ఎటు కదిలిందో తేల్చుకుని, ఆ తర్వాత పోల్చు.

పరీక్షలో ఎలా రాయాలో కూడా చెబుతాను. అంకెలు ముట్టుకునే ముందు మార్జిన్‌లో రెండు ముక్కలు రాసుకో: వేడి లోపలికా బయటికా, పని లోపలికా బయటికా. ప్రశ్నలో "వాయువు చేసిన పని" అని ఉందా, "వాయువు మీద చేసిన పని" అని ఉందా అన్నది అప్పుడే చూసుకో. ఒక్క "మీద"తో గుర్తు తిరగబడుతుంది. "వాయువు −300 J పని చేసింది" అని కావాలనే మెలిక పెడితే, వాయువు మీద +300 జౌల్స్ పని జరిగిందని మార్చి రాసుకో. ఇంకో చిన్న సంగతి, p అన్నచోట వేయాల్సింది బయటి పీడనం. శూన్యంలోకి వ్యాకోచిస్తే ఎదురు నెట్టేదేమీ లేదు, ఘనపరిమాణం ఎంత పెరిగినా పని సున్నా.

ΔU అడిగితే ఏ సూత్రం వాడినా ఫరవాలేదు, సూత్రం, విలువ రెండూ ఒకే సబ్జెక్టువి అయితే చాలు. కానీ పని ఎంత అని అడిగినప్పుడు జవాబు మారుతుంది. నీ హీలియం లెక్కలో w ఎంత అని కెమిస్ట్రీ పేపర్‌లో వస్తే −832 జౌల్స్ రాయాలి, W ఎంత అని ఫిజిక్స్ పేపర్‌లో వస్తే +832. ఈఏపీసెట్, జేఈఈ లాంటి వాటిలో ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే ఇస్తారు, కాబట్టి ప్రశ్న ఏ సబ్జెక్టు భాగంలో ఉందో చూసి పెట్టు. వివరంగా రాసే పరీక్షలో అయితే అంకె కింద "వాయువు చేసిన పని 832 J" అని మాటల్లో కూడా రాయి, దిద్దేవాళ్లకి ఏ అనుమానమూ మిగలదు.